ఒక్క ఫోటో మీద మెల్లగా జూమ్: టమాట ముడులు, పల్లి బుడిపెలు తేడా చూపించడానికి కీఫ్రేములు పెట్టిన తీరు

ఈసారి పంట గురించి కాదు, పంట ఫోటోను వీడియోలో చూపించే పద్ధతి గురించి రాస్తున్నాను. ఆ పద్ధతి సరిగ్గా పెట్టకపోవడం వల్ల నా వీడియో చూసి ఒక రైతు తప్పుగా అర్థం చేసుకున్నాడు. అందుకే రాయాలనిపించింది.

పోయిన యాసంగిలో వనపర్తి దగ్గర మా చెల్కలో పల్లి వేసి నలభై అయిదు రోజులైనప్పుడు ఒక మొక్కను వేర్లతో సహా పీకాను. అదే రోజు పక్క మడిలో వాడిపోతున్న టమాట మొక్కను కూడా పీకాను. రెండింటి వేర్లు కడిగి, ఒక గోనె సంచి మీద పక్కపక్కన పరిచి ఫోటో తీశాను. ఎడమ పక్క టమాట, కుడి పక్క పల్లి. టమాట వేర్లకు వేరుముడి నులిపురుగు పట్టి ముడులు వచ్చాయి. పల్లి వేర్లకు రైజోబియం బుడిపెలు వచ్చాయి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఒకటి రోగం, ఇంకొకటి బలం. ఆ తేడా చూపించాలనే ఫోటో తీశాను. వీడియో మాత్రం తీయలేదు. పంట అయిపోయింది, ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఆ ఒక్క ఫోటోనే.

ఆ ఫోటోను వీడియోలో పెట్టినప్పుడు నేను వాడిన యాప్ దానంతట అదే దానికి మెల్లగా జూమ్ పెట్టింది. చాలా యాప్‌లలో ఫోటో పెట్టగానే అలా జరుగుతుంది. చూడ్డానికి బాగుంది కదా అని వదిలేశాను. ఆ జూమ్ ఎడమ పక్కకు, అంటే టమాట వేర్ల మీదికి పోయింది. సరిగ్గా అదే సమయానికి నా గొంతు "ఈ బుడిపెలే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి" అంటోంది.

కొన్ని రోజులకు అచ్చంపేట వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "అన్నా, మా టమాట వేర్లకు గూడ మీరు చూపిచ్చిన బుడిపెలే ఉన్నయి. నేల మంచిగైనట్టే గదా? మల్ల అండ్లనే టమాట నారు పెడుతున్న" అన్నాడు. నాకు గుండె జారింది. నేను నోటితో చెప్పింది తప్పు కాదు. కానీ తెర మీద నా వేలు తప్పు చోట ఉంది. ఫోటో మీద జూమ్ అంటే అంతే, చూసేవాళ్ళకు అది మన వేలు. ఎక్కడ ఆగితే దాని గురించే చెబుతున్నామని అనుకుంటారు.

కాబట్టి యాప్ పెట్టిన జూమ్ తీసేసి, ఏ సెకనుకు ఎక్కడ ఉండాలో నేనే పెట్టుకున్నాను. దానికి వాడేవే కీఫ్రేములు.

కీఫ్రేమ్ అంటే ఏమిటి

పూర్వం చేత్తో బొమ్మలు గీసి కార్టూన్ సినిమాలు తీసే రోజుల్లో, పెద్ద ఆర్టిస్టు కదలికలోని ముఖ్యమైన బొమ్మలు మాత్రమే గీసేవాడు. మధ్యలో వచ్చే బొమ్మలను మిగతా వాళ్ళు పూర్తి చేసేవాళ్ళు. ఆ ముఖ్యమైన బొమ్మలకే కీఫ్రేములని పేరు. ఇప్పుడు మధ్య పని యాప్ చేస్తుంది. "3వ సెకనులో ఫోటో ఇంత సైజులో, ఇక్కడ ఉండాలి; 8వ సెకనులో ఇంత సైజులో, అక్కడ ఉండాలి" అని మనం రెండు గుర్తులు పెడతాం. సెకనుకు 30 ఫ్రేముల వీడియో అయితే ఆ 5 సెకన్లకు కావలసిన 150 ఫ్రేములనూ యాప్ లెక్కగట్టి కొద్దికొద్దిగా మారుస్తూ పోతుంది.

ఫోటో మీద ఇలా మెల్లగా కదలడాన్ని కెన్ బర్న్స్ ఎఫెక్ట్ అంటారు. కెన్ బర్న్స్ అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు. అక్కడి అంతర్యుద్ధం గురించి 1990లో వచ్చిన ఆయన సీరీస్‌లో పాత ఫోటోలను ఇలాగే చూపించాడు. ఆ యుద్ధం నాటికి సినిమా కెమెరా లేదు, ఉన్నవి ఫోటోలే. మన సంగతి కూడా అదే, పంట పోయింది, ఫోటో మిగిలింది. ఆయన అప్పుడు కెమెరాను ఫోటో మీద కదిలించి తీశాడు. మనం ఫోన్‌లో ఫోటోనే కదుపుతాం.

ఫోన్‌లో VN, KineMaster లాంటి యాప్‌లలో, కంప్యూటర్‌లో Kdenlive, Shotcut, DaVinci Resolve లాంటి వాటిలో ఈ పని చేయవచ్చు. ఎక్కువ వాటిలో కీఫ్రేమ్ గుర్తు వజ్రం ఆకారంలో, అంటే పేకలో డైమండ్‌లా ఉంటుంది. ఇక్కడ కూడా డైమండ్ అనే అంటాను.

ముందు ఫోటో ఎంత జూమ్ తట్టుకుంటుందో చూసుకోవాలి

నా ఫోన్‌లో తీసిన ఆ ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 ఎత్తు. వీడియో 1920 వెడల్పు, 1080 ఎత్తు. ఫోటోను తెర వెడల్పుకు సరిపెడితే 4000 కాస్తా 1920కి కుదించుకుంటుంది. దీన్నే నేను 100 శాతం అంటాను. అక్కడి నుంచి 4000ను 1920తో భాగిస్తే 2 కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. అంటే ఈ ఫోటోను 200 శాతం దాకా జూమ్ చేసినా స్పష్టంగా ఉంటుంది. ఆ తర్వాత లేని వివరాన్ని సాగదీయడమే.

ఇక్కడే ఎక్కువ మందిమి దెబ్బ తింటాం. అచ్చంపేట రైతును ఆయన మొక్క ఫోటో పంపమంటే వాట్సాప్‌లో మామూలుగా పంపాడు. నాకు చేరింది 1600 × 1200. తెరకు సరిపెట్టడానికే 1600ను 1920కి సాగదీయాలి. ఇక 200 శాతం జూమ్ చేస్తే ఒక్కో పిక్సెల్ 2.4 రెట్లు సాగుతుంది. వేరు మీద ఉన్నది పక్కన అతుక్కున్న పూసనా, వేరే ఉబ్బిందా అన్నది తెలియకుండా అంతా ముద్దగా కనిపించింది. మనకు కావలసిన తేడానే పోయింది. "అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపు తమ్మీ" అన్నాను. అలా పంపితే వాట్సాప్ కుదించదు, తీసిన సైజులోనే వస్తుంది. వచ్చాక చూస్తే స్పష్టంగా నులిపురుగు ముడులే. ఆయన టమాట ఆపి ఆ మడిలో బంతి వేశాడు.

ఇంకొక పరీక్ష కూడా చేయాలి. కొన్ని యాప్‌లు ఫోటోను లోపలికి తీసుకునేటప్పుడే వీడియో సైజుకు కుదించేస్తాయి. అప్పుడు మన ఫోటో పెద్దదైనా లాభం లేదు. తెలుసుకోవడం సులువే. 200 శాతం జూమ్ దగ్గర ఆపి చిన్న ముక్క ఎక్స్‌పోర్ట్ చేయండి. గ్యాలరీలో అసలు ఫోటోను అదే చోట అంతే జూమ్ చేసి రెండూ పోల్చండి. వీడియో మసకగా, గ్యాలరీ స్పష్టంగా ఉంటే యాప్ కుదించిందని అర్థం. అప్పుడు ఆ భాగాన్ని గ్యాలరీలోనే కత్తిరించి ఇంకో ఫోటోగా పెట్టుకోవడం మేలు.

ఫోన్ యాప్‌లో శాతం అంకె కనిపించకపోతే కంటితో కొలవండి. ఫోటో వెడల్పులో సరిగ్గా సగమే తెర మీద కనిపిస్తుంటే అది 200 శాతం. మూడింట రెండు వంతులు కనిపిస్తుంటే 150.

గొంతు ముందు, కదలిక తర్వాత

మొదటిసారి నేను జూమ్ ముందు పెట్టి మాటలు తర్వాత అతికించాను. అది తలకిందుల పని. ఫోటోకి మాట్లాడాల్సింది ముందే రికార్డు చేసి టైమ్‌లైన్ మీద పెట్టాలి. ఏ మాట ఏ సెకనులో వస్తుందో కాగితం మీద రాసుకోవాలి. నా వాయిస్ ఇట్లా వచ్చింది:

- 0 నుంచి 3: "ఎడమ పక్క టమాట, కుడి పక్క పల్లి."
- 3 నుంచి 8: "ముందుగా టమాట వేరు చూడండి."
- 8 నుంచి 13: "ఇక్కడ వేరే ఉబ్బింది. గిల్లితే ఊడదు. ఇది నులిపురుగు."
- 13 నుంచి 19: "ఇప్పుడు పల్లి వేరు దగ్గరికి పోదాం."
- 19 నుంచి 24: "ఇవి వేరు పక్కన పూసల్లా ఉన్నాయి. గిల్లితే ఊడతాయి. కోస్తే లోపల గులాబి రంగు."
- 24 నుంచి 30: "మొదటిది రోగం, రెండోది బలం. పీకి చూడనిదే తెలియదు."

మొత్తం 30 సెకన్లు. కదిలేటప్పుడు పెద్ద సంగతేమీ చెప్పలేదు గమనించండి. కదులుతున్నప్పుడు కన్ను చోటు వెతుక్కుంటుంది, చెవి సరిగ్గా వినదు. అసలు మాటలన్నీ ఫోటో ఆగిన చోటే పెట్టాను.

ఆరు డైమండ్లు

ఇప్పుడు ఫోటో క్లిప్‌ను 30 సెకన్లకు సాగదీసి, యాప్ దానంతట అది పెట్టిన జూమ్ ఉంటే తీసేయాలి. తర్వాత ఈ ఆరు చోట్ల డైమండ్ పెట్టాను:

- 3వ సెకను: పూర్తి ఫోటో, 100 శాతం
- 8వ సెకను: టమాట వేరు, 200 శాతం
- 13వ సెకను: టమాట వేరు, 200 శాతం
- 19వ సెకను: పల్లి వేరు, 200 శాతం
- 24వ సెకను: పల్లి వేరు, 200 శాతం
- 28వ సెకను: పూర్తి ఫోటో, 100 శాతం

మొదటి డైమండ్ 0 దగ్గర కాకుండా 3 దగ్గర ఎందుకంటే, మొదటి డైమండ్‌కు ముందు ఫోటో కదలకుండా అట్లాగే ఉంటుంది. ఆ మూడు సెకన్లలో చూసేవాళ్ళు రెండు మొక్కలున్నాయని గుర్తుపడతారు. చివర కూడా అంతే, 28 తర్వాత రెండు సెకన్లు ఫోటో నిలిచి ఉంటుంది.

టమాట వేరుకు 8 దగ్గర ఒకటి, 13 దగ్గర అదే మళ్ళీ ఎందుకని అడగవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. 13 దగ్గర డైమండ్ పెట్టకపోతే యాప్‌కు తెలిసింది "8లో టమాట, 19లో పల్లి" అని మాత్రమే. అది 8 నుంచే పల్లి వైపు జరగడం మొదలుపెడుతుంది. నేను "ఇది నులిపురుగు" అనే సరికి తెర సగం పల్లి మీదికి పోయి ఉంటుంది. నా మొదటి తప్పే మళ్ళీ జరిగినట్టు. ఎక్కడ ఆగాలో అక్కడ ఒకే స్థానానికి రెండు డైమండ్లు ఉండాలి, వచ్చినప్పుడు ఒకటి, బయలుదేరేటప్పుడు ఒకటి.

రెండో డైమండ్‌ను చేత్తో మళ్ళీ సర్దవద్దు. 13వ సెకను దగ్గరికి పోయి, ఫోటోను ముట్టుకోకుండా డైమండ్ బటన్ నొక్కండి. కానీ 19వ సెకను డైమండ్ పెట్టకముందే ఈ పని చేయాలి. ముందు 19 పెట్టేస్తే 13 దగ్గర ఫోటో అప్పటికే జరిగి ఉంటుంది. అందుకే వరుసగా, ఎడమ నుంచి కుడికి పెట్టుకుంటూ పోవడం మంచిది.

ఎంత జరపాలి

జూమ్ మామూలుగా ఫోటో మధ్య నుంచే పెరుగుతుంది. కాబట్టి 200 శాతం మాత్రమే పెట్టి వదిలేస్తే తెర మీద గోనె సంచి మధ్యభాగం వస్తుంది, రెండు వేర్లూ బయటికి పోతాయి. జూమ్‌తో పాటు ఫోటోను జరపాలి కూడా. ఫోన్‌లో వేలితో జరిపితే చాలు. కంప్యూటర్‌లో అంకెలు వేయాలి కాబట్టి లెక్క చెబుతాను.

100 శాతం దగ్గర టమాట వేరు తెర మధ్య నుంచి 400 పిక్సెళ్లు ఎడమకు, 150 కిందికి ఉంది. 200 శాతం చేస్తే ఆ దూరం కూడా రెండింతలై 800, 300 అవుతుంది. దాన్ని మధ్యకు తేవాలంటే ఫోటోను 800 కుడికి, 300 పైకి జరపాలి. పల్లి వేరు 420 కుడికి, 150 కిందికి ఉంది. దానికి 840 ఎడమకు, 300 పైకి. ఎడమకు ఉన్నదాన్ని చూడాలంటే ఫోటో కుడికి జరగాలి అన్నది గుర్తుంచుకోండి. కొన్ని ఎడిటర్లు అంకెలను ఫోటో మధ్య నుంచి కొలుస్తాయి, కొన్ని ఎడమ పై మూల నుంచి. ఒకసారి 100 వేసి ఎటు జరిగిందో చూసుకుంటే తెలుస్తుంది.

జరపడానికి కూడా హద్దుంది. 200 శాతం దగ్గర ఫోటో వెడల్పు 3840. తెర 1920. అంటే రెండు పక్కలా 960 చొప్పున మిగులు. 840 జరిపాను కాబట్టి సరిపోయింది. 960 దాటితే ఫోటో అయిపోయి అంచున నల్ల పట్టీ వస్తుంది. అదే 150 శాతం జూమ్‌లో ఫోటో వెడల్పు 2880, మిగులు పక్కకు 480 మాత్రమే. పల్లి వేరును మధ్యకు తేవడానికి 630 కావాలి. కుదరదు. అంచు దగ్గర ఉన్న వస్తువును మధ్యకు తేవాలంటే జూమ్ ఎక్కువ ఉండాలి, లేదా అది మధ్యకు రాకపోయినా సరేనని ఒప్పుకోవాలి. అందుకే ఫోటో తీసేటప్పుడే చుట్టూ కొంత సంచి కనిపించేలా దూరం నుంచి తీయడం నేర్చుకున్నాను.

వేగం

టమాట వేరు నుంచి పల్లి వేరుకు ఫోటో మొత్తం 1640 పిక్సెళ్లు జరగాలి. మొదట దీన్ని 2 సెకన్లలో పెట్టాను. 60 ఫ్రేములకు 1640 అంటే ఒక్కో ఫ్రేముకు 27 పిక్సెళ్ల దూకుడు. సన్నని వేర్లు రెండుగా విడిపోయి దడదడలాడినట్టు కనిపించాయి. 6 సెకన్లు ఇస్తే ఫ్రేముకు 9 పిక్సెళ్లే. కంటికి నీళ్లు పారినట్టు పోయింది. నేను పెట్టుకున్న కొలత ఏమిటంటే, ఒక సెకనులో తెర వెడల్పులో ఏడో వంతు మించి జరగకూడదు. మరీ మెల్లగా చేసినా చిక్కే. ఒక్కో ఫ్రేముకు ఒక పిక్సెల్ కూడా రాకపోతే కొన్ని యాప్‌లలో ఫోటో జరుగుతూ ఆగుతూ వణుకుతుంది. ఆకుల అంచుల్లో, గోనె సంచి నేతలో అది బాగా తెలుస్తుంది. అంత మెల్లగా కావాలంటే అసలు కదపకుండా వదిలేయడమే నయం.

దగ్గరికి పోయే జూమ్ మొదట్లో వేగంగా, చివర మెల్లగా అనిపిస్తుంది. 5 సెకన్లలో 100 నుంచి 200 కదా. మొదటి సెకనులో 100 కాస్తా 120 అవుతుంది, అంటే అయిదో వంతు పెరుగుదల. చివరి సెకనులో 180 నుంచి 200, తొమ్మిదో వంతే. అంకె ఒకటే అయినా కంటికి వేరు. దగ్గరికి పోయేటప్పుడు ఇది మంచిదే, ఆగే చోటికి మెల్లగా చేరినట్టుంటుంది. వెనక్కు వచ్చేటప్పుడు మాత్రం చివర్లో వేగం పెరిగి ఠక్కున ఆగినట్టు కనిపిస్తుంది. అక్కడ, అంటే 28వ సెకను డైమండ్‌కు, చివర నెమ్మదించే పద్ధతి పెట్టాను. యాప్‌లలో దాని పేరు Ease Out అనో, వంపు గీత గుర్తుగానో ఉంటుంది.

నల్ల పట్టీ మెరిసిందంటే

కంప్యూటర్‌లో చేసేవాళ్ళకు ఒక మాట. కొన్ని ఎడిటర్లలో జూమ్‌కు వేరే డైమండ్, స్థానానికి వేరే డైమండ్ ఉంటాయి. నేను ఒకసారి జూమ్‌కు మాత్రమే నెమ్మదిగా మొదలయ్యే పద్ధతి పెట్టి, స్థానాన్ని సమవేగంగా వదిలేశాను. ప్లే చేస్తే 4వ సెకను దాటాక ఎడమ అంచున నల్లగా ఏదో మెరిసి పోయింది. కంటికి సరిగ్గా అందలేదు. ఒక్కో ఫ్రేమ్ జరిపి చూస్తే అప్పుడు తెలిసింది.

లెక్క ఇదీ. కదలికలో నాలుగో వంతు సమయానికి ఫోటో 200 పిక్సెళ్లు కుడికి జరిగిపోయింది. జూమ్ మాత్రం మెల్లగా మొదలైంది కాబట్టి ఇంకా 115 శాతం దగ్గరే ఉంది. 115 శాతానికి పక్కన ఉండే మిగులు 150 లోపే. కాబట్టి 50 పిక్సెళ్లకు పైగా నల్ల పట్టీ. మొదటి, చివరి డైమండ్లు రెండూ సరిగ్గానే ఉన్నా మధ్యలో తప్పు వస్తుందంటే ఇదే కారణం. జూమ్‌కు, స్థానానికి డైమండ్లు ఒకే సెకనులో ఉండాలి, వేగం పద్ధతి కూడా రెండింటికీ ఒకటే ఉండాలి. అలా సరిచేశాక పట్టీ పోయింది.

ఫోన్‌లో ఎక్కువగా జరిగే మూడు పొరపాట్లు

మొదటిది, అనుకోకుండా పడే ఏడో డైమండ్. 13వ సెకను దగ్గర ఏదో కొంచెం సర్దాలనుకుంటాం. గీత 13 మీద సరిగ్గా ఉండదు, 13.1 దగ్గర ఉంటుంది. ఫోటోను ముట్టుకోగానే యాప్ అక్కడ కొత్త డైమండ్ పెట్టేస్తుంది. ప్లే చేస్తే ఆ చోట ఒక చిన్న కుదుపు. కుదుపు వస్తే ముందు డైమండ్లు లెక్కపెట్టండి. ఆరు ఉండాల్సిన చోట ఏడు ఉంటే టైమ్‌లైన్‌ను పెద్దది చేసి అదనపుదాన్ని తీసేయండి.

రెండోది, వంకర. రెండు వేళ్లతో జూమ్ చేసేటప్పుడు ఫోటో ఒకటి రెండు డిగ్రీలు తిరుగుతుంది. మనకు తెలియదు. కానీ ఒక డైమండ్‌లో నిటారుగా, ఇంకోదాంట్లో వంకరగా ఉంటే జూమ్‌తో పాటు సంచి కూడా మెల్లగా ఒరుగుతుంది. ఫోటో అంచును తెర అంచుతో పోల్చి చూసి సరిచేయాలి.

మూడోది, క్లిప్‌ను తర్వాత కత్తిరించడం. 30 సెకన్ల క్లిప్‌ను చివర నుంచి 25కు తగ్గిస్తే కదలిక వేగం మారదు, చివరి డైమండ్ తెగిపోతుంది. ఫోటో వెనక్కు వస్తూ మధ్యలో తెగినట్టుంటుంది. క్లిప్ పొడవు పెంచితే కదలిక ముందే అయిపోయి ఫోటో ఊరికే నిలబడుతుంది. అందుకే మళ్ళీ చెబుతున్నాను, వాయిస్ ఖాయం చేసుకున్నాకే డైమండ్లు.

ఇంకొకటి, Kdenlive లాంటి వాటిలో డైమండ్ల మధ్య లెక్కకు Smooth అని ఒక పద్ధతి ఉంటుంది. దాన్ని పెడితే ఆగాల్సిన 8 నుంచి 13 మధ్య కూడా ఫోటో కొంచెం ముందుకు పోయి వెనక్కు రావచ్చు. ఆగే చోట కదలిక కనిపిస్తే అక్కడ Linear పెట్టండి.

పూర్తి ఫోటోతో మొదలు, పూర్తి ఫోటోతో ముగింపు

సమయం కలిసివస్తుందని చివరి రెండు డైమండ్లు తీసేద్దామా అనుకున్నాను. పల్లి బుడిపెల మీదే ఆపేస్తే బొమ్మ బాగుంటుంది కూడా. కానీ మన వీడియోల్లో అది నాకు నచ్చలేదు. మంచి మొక్క మీదికి జూమ్ చేసి అక్కడే ఆపితే పక్కన వాడిపోయిన మొక్క ఉన్న సంగతి చూసేవాళ్ళు మర్చిపోతారు. ఆ టమాట కూడా నా మడిదే, నా ప్రకృతి సేద్యంలో పెరిగిందే. జూమ్ అంటే తెరలోంచి మిగతాదాన్ని బయటికి నెట్టడం. ఏం నెట్టామో మొదట ఒకసారి, చివర ఒకసారి చూపిస్తే చూసే రైతు తన చేనుతో పోల్చుకోగలడు.

అన్నీ అయ్యాక ఒక పరీక్ష చేస్తాను. వీడియోను శబ్దం లేకుండా చూస్తాను, ఎక్కడెక్కడ ఆగిందో కాగితం మీద రాస్తాను. తర్వాత వాయిస్ మాత్రమే వింటూ ఆ చోట్ల ఏమన్నానో పక్కన రాస్తాను. రెండు వరుసలూ కలిస్తేనే అప్‌లోడ్. పాత వీడియోకు ఈ పరీక్ష చేసి చూస్తే మొదటి వరుసలో "టమాట", పక్కన "నత్రజని" అని వచ్చింది. దాన్ని తీసేసి కొత్తది పెట్టాను. పెట్టాక ముందుగా అచ్చంపేట రైతుకే పంపాను. "ఇప్పుడు సమజైందన్నా, గిల్లి చూసిన, ఊడలే" అన్నాడు.